వైఫై గుర్తు ఉంటుంది, డేటా మాత్రం కరుగుతుంది

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా చర్ల వైపు వెళ్లే అడవి అంచు ఊళ్లలో ఏదో ఒక బడి ఆఫీసును తీసుకోండి. అక్కడి రూటర్ తన జాబితాలో ఉన్న ఫోన్లకే నెట్ ఇస్తుందనుకుందాం. మాస్టారు సెట్టింగ్స్‌లోని ‘అబౌట్ ఫోన్’ చూసి అసలు మ్యాక్ అడ్రస్ రాయిస్తారు. కానీ 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి చాలా ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత అడ్రస్ చూపిస్తున్నాయి. రూటర్ దాన్ని గుర్తుపట్టదు. వైఫై కలుస్తుంది, నెట్ రాదు. అది గమనించిన ఫోన్ మెల్లగా మొబైల్ డేటాకు మారిపోతుంది, రోజువారీ ప్యాక్ మధ్యాహ్నానికే అయిపోతుంది. పట్టణంలో ఈ మార్పిడి మేలే. సిగ్నల్ నిలవని చోట అది అసలు లోపాన్ని దాచిపెడుతుంది. మొబైల్ డేటా ఆపి చూస్తే నిజం బయటపడుతుంది. రూటర్ పేజీలో కనిపించే అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, A, E లలో ఒకటైతే అది దాదాపుగా కల్పితమే. అప్పుడు ఆ ఒక్క వైఫైకే ‘Use device MAC’ ఎంచుకోవాలి. బస్టాండులో, హోటల్లో మన జాడ తీయనివ్వని రక్షణ ఆ కల్పిత అడ్రస్, దాన్ని అన్నిచోట్లా తీసేయకూడదు. నన్నడిగితే బడి రూటర్‌కు ఆ జాబితా కన్నా గట్టి పాస్‌వర్డే మేలు.