ఒక్క దొర ఉన్న ఊళ్ళో కూలి లెక్క

కనీస కూలి పెంచితే ఉన్న పని కూడా పోతుందని ఆసాములు అంటారు. అర్థశాస్త్రం పుస్తకాల్లోనే అలా ఉందని చదువుకున్నోళ్ళు వంత పాడతారు. పుస్తకంలో ఉన్నమాట నిజమే. అది ఏ రకం ఊరికి రాసిన లెక్కో చూడకుండా మన వాడల నెత్తిన రుద్దుతున్నారు.

ఆ లెక్క ఆసాములు కూలీల కోసం పోటీపడే ఊరిది. ఒకడు తక్కువిస్తే కూలీ ఇంకొకడి చేలోకి పోతాడు. కాబట్టి అక్కడ కూలి అప్పటికే పని విలువ దాకా వచ్చి ఉంటుంది. దానిపైన ఇంకా పెంచితే కొందరికి పని తగ్గుతుంది.

భూమంతా ఒక్క దొర చేతిలో ఉన్న ఊరి సంగతి వేరు. ఆసాములంతా రచ్చబండ దగ్గర కూర్చుని "ఇంతకు మించి ఎవరూ ఇవ్వొద్దు" అని కట్టడి చేసుకున్న ఊరూ అంతే. పేరుకు పదిమంది, కూలి దగ్గర ఒక్కడే. ఇలాంటి మార్కెట్టు గురించి ఇంగ్లండు ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ 1933లోనే రాశారు.

అంకెలు ఊహించుకుని చూద్దాం. రోజుకు 300 ఇస్తే 10 మంది వస్తారు. ఇంకొకరు రావాలంటే 310 ఇవ్వాలి. ఆ ఒక్కరికే పెంచితే మిగతావాళ్ళు ఊరుకోరు గదా. పదిమందికి 3,000 అయ్యేది, పదకొండు మందికి 3,410 అవుతుంది. అంటే ఆ పదకొండో మనిషి దొరకు 410 పడ్డట్టు. ఆ మనిషి పనివల్ల వచ్చేది 400. అందుకని పిలవడు. పైగా "కూలీలు దొరకడం లేదు" అని మననే తిడతాడు!

ఇప్పుడు 350 కనీస కూలి అని ఖాయంచేసి, గట్టిగా అమలు చేశారనుకోండి. అందరికీ ఎలాగూ 350 ఇవ్వాల్సిందే కనుక పదకొండో మనిషికయ్యే ఖర్చు కూడా 350 మాత్రమే. 400 తెచ్చే మనిషిని ఎందుకు వదులుకుంటాడు? ఆ తర్వాత ఒక్కొక్కరివల్ల వచ్చేది పదేసి రూపాయలు తగ్గుతూ పోయినా, పదిహేనో మనిషి 360 తెస్తుంది. 350కి వచ్చే పదిహేను మందికీ పని దొరుకుతుంది. కూలీ పెరిగింది, పనీ పెరిగింది. తగ్గింది దొర మిగులు.

అయితే దీనికి హద్దుంది. 430 అంటే ఎనిమిది మందితోనే ఆపేస్తాడు, తొమ్మిదో మనిషి తెచ్చేది 420యే కనుక. కోతమిషను చౌకగా దొరికితే ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది.

ఇదంతా కాగితం లెక్కే కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8 జిల్లాల్లో ఉపాధి హామీ డబ్బులు స్మార్ట్‌కార్డుతో ఇచ్చే పద్ధతిని ఏ మండలాల్లో ముందు పెట్టాలో లాటరీ వేసి, 2010 నుంచి 2012 దాకా పరిశోధకులు పరిశీలించారు. అది కనీస కూలి చట్టం కాదు గానీ, కూలీకి ఇంకో దారి గట్టిపడింది. ముందు పెట్టిన మండలాల్లో బయటి కూలి రేట్లు పెరిగాయి. ప్రైవేటు పని తగ్గలేదు సరికదా, పెరిగింది. భూమి కొద్దిమంది దగ్గరే పోగుపడ్డ చోట పని ఇంకా ఎక్కువ పెరిగింది.

కూలి రేటు మాట్లాడటానికి పోయే ముందు సంఘం వాళ్ళు ఊళ్ళో ఒకటి గమనించాలి. ఒక ఆసామి పదిరూపాయలు ఎక్కువిచ్చి మనుషుల్ని పిలుచుకుంటే, మిగతావాళ్ళు తామూ పెంచుతారా, అతని మీదికి తగాదాకు పోతారా? తగాదాకు పోతే కట్టడి ఉన్నట్టే, అక్కడ రేటు గట్టిగా అడగొచ్చు. పొద్దున్నే ఆటోల్లో మనోళ్ళు పక్క మండలానికి పనికి పోతుంటే మాత్రం పోటీ అప్పటికే వచ్చింది. అక్కడ అడిగే అంకెను ఒకటికి రెండుసార్లు లెక్కేసుకోవాలి.