అమ్మని ‘వినిపిస్తోందా’ అని అడగడం మానేశాను

మా అమ్మకి పన్నెండేళ్లుగా షుగర్. తను ఉండేది కోదాడ దగ్గర పల్లెలో, తమ్ముడి దగ్గర. నేనుండేది మిర్యాలగూడలో. చూపించేది సూర్యాపేటలో ఒక డాక్టరుగారికి. ఊరి నుంచి కోదాడ దాకా ఆటో, అక్కడి నుంచి హైవే మీద 40 కిలోమీటర్ల పైనే బస్సు, ఆసుపత్రిలో ఎదురుచూపు, మళ్లీ తిరుగు ప్రయాణం. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఒక రోజంతా పోతుంది, ఇంకో రోజు పడుకోవడానికి పోతుంది. అందుకే మూణ్నెల్లకోసారి వచ్చి చూపించుకుంటే మధ్యలో వీడియోలో చూస్తానని ఆయన అన్నప్పుడు ఇంటిల్లిపాదీ సంతోషించాం.

మొదటిసారి ఎలా జరిగిందో చెప్తా. పది నిమిషాల సమయంలో ఏడు నిమిషాలు ‘హలో, హలో’లకే పోయాయి. అమ్మని కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టారు, ముఖం నల్లగా పడింది. కూలర్ మోతలో ఆయన మాట అందలేదు. రిపోర్టు పంపాం గానీ అది మడతలు పడ్డ కాగితానికి తీసిన ఫొటో. క్రియాటినిన్ 1.4 అని ఉన్న చోట చుక్క మడతలో కలిసిపోయి, ‘ఇదెంతమ్మా’ అని ఆయన రెండుసార్లు అడగాల్సి వచ్చింది. అమ్మ మాత్రం అన్నిటికీ ‘ఆ, ఆ’ అంది. ఫోన్ పెట్టేశాక అడిగితే ఒక్క ముక్క కూడా వినపడలేదంది!

పరీక్షకి వెళ్లే పిల్లాడికి ముందురోజే హాల్ టికెట్, పెన్నులు సర్ది పెట్టే మనం, అమ్మ విషయంలో ‘ఫోనే కదా, పిల్లలు చూసుకుంటారు’ అనుకున్నాం. తప్పు అక్కడే జరిగింది. రెండోసారి ముందురోజు, డాక్టరుగారు చూసే సమయానికే, అదే ఫోనుతో, అదే చోట అమ్మని కూర్చోబెట్టి నేనే డాక్టర్‌నన్నట్టు మిర్యాలగూడ నుంచి వీడియో కాల్ చేశాను. అదే సమయానికి ఎందుకంటే, మా ఊళ్లో పొద్దున బాగుండే సిగ్నల్ సాయంత్రానికి ఉండదు. లోపలి గదిలో బొమ్మ ఆగిపోతుంటే వరండాలోకి మార్చాం, అక్కడ బాగుంది. కిటికీ, వాకిలి, ఏ వెలుతురైనా సరే అమ్మకి ఎదురుగా ఉండాలి, వెనక ఉండకూడదు. కాల్ మధ్యలో ఎవరో ఫోన్ చేస్తే వీడియో ఆగిపోయింది. అందుకని ఆ అరగంట ఎవరూ చేయొద్దని చుట్టాలకి చెప్పేశాం.

ఇక వినికిడి. ‘వినిపిస్తోందా అమ్మా’ అని అడగడం పనికిరాని పరీక్ష. మన పెద్దవాళ్లు పిల్లల్ని ఇబ్బంది పెట్టకూడదని ఆ అనేస్తారు. అందుకే నేను ‘రాత్రి గోలీ ఎన్ని గంటలకి వేసుకుంటున్నావ్’ అని అడిగాను. అమ్మ ‘ఆ, మంచిగనే ఉన్న బిడ్డా’ అంది. అప్పుడు తెలిసింది వినపడట్లేదని. కూలర్ ఆపి, ఇయర్‌ఫోన్స్ పెట్టాక ‘ఎనిమిదిన్నరకి’ అని జవాబొచ్చింది. ఔనూ కాదూ అని తేలిపోని ప్రశ్న వేస్తేనే నిజం బయటపడుతుంది.

రిపోర్టు సంగతికొస్తే, ల్యాబ్ వాళ్లు ఫోన్‌కి పంపే పీడీఎఫ్ ఉంటే దాన్నే పంపడం మంచిది. కాగితమే ఉంటే నేల మీద పరిచి, నీడ పడకుండా, పైనుంచి నిటారుగా ఫొటో తీయాలి. పేరు, తేదీ, అంకె పక్కన ఉండే కొలత, మామూలుగా ఎంత ఉండాలో రాసే వరుస, ఇవన్నీ ఫొటోలో పడాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే తగ్గదు. మా మరదలు ముందు నాకు పంపింది. నా ఫోన్‌లో తెరిచి, పెద్దది చేసి, అన్నిటికన్నా చిన్న అంకెని చదివాను. చుక్క కనపడింది. అప్పుడే డాక్టరుగారికి పంపమన్నాను.

చివరికి కాళ్లు. షుగర్ మనిషి కాళ్లు డాక్టరు తప్పక చూస్తారు కదా, ఎలా చూపిస్తారో చూద్దామని, వెనక కెమెరాకి మార్చి జానెడు దూరంలో పట్టుకోమన్నాను. మా మేనకోడలు పట్టుకుంది. మరదలు ఒక్కో వేలూ విడదీసింది. కుడికాలి చివరి రెండు వేళ్ల మధ్య తెల్లగా నాని, లోపల ఎర్రటి పుండు. అమ్మ పొలం గట్టు మీద చెప్పుల్లేకుండా తిరుగుతోంది. తనకి నొప్పే తెలియలేదు. షుగర్‌తో పాదాల్లో స్పర్శ తగ్గితే అంతే, పుండు ఉన్నా చెప్పేదేం ఉండదు. ‘ఏం లేదు బిడ్డా, నీళ్లల్ల నానింది’ అంది. మరదలి ముఖం మాడిపోయింది. ‘నేను రోజూ చూస్తూనే ఉన్నా వదినా, పాదం పైనే చూశా’ అంది. తన తప్పేం లేదు. వేళ్ల మధ్య చూడమని మాకెవ్వరికీ తోచలేదు.

పుండు పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసి పంపాం, సైజు తెలియడానికి. బల్బు వెలుగులో ఎరుపూ పసుపూ తేడా తెలియదని పగటి వెలుతురులోనే తీశాం. మర్నాడు వీడియోలో ఆయన ముందు ఆ ఫొటోనే అడిగారు. రెండు పాదాల మీదా చేయి వెనక వైపు పెట్టి ఏది వేడిగా ఉందో చెప్పమన్నారు. కుడిదే అంది మరదలు. ‘వేడి మీరు చెప్పగలరు, కాలి నాడి నేను పట్టి చూడాలి, రేపే తీసుకురండి’ అన్నారు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కూడా అదే చెప్తాయి, వీడియోలో తేలనిదానికి నేరుగా రమ్మనొచ్చని. తీసుకెళ్లాం. లోతుకి పోలేదు. శుభ్రం చేసి కట్టు కట్టారు, మందులిచ్చారు. మూడు వారాల్లో మానింది.

‘చివరికి వెళ్లాల్సే వచ్చింది కదా, వీడియో ఎందుకు’ అన్నారు మా వాళ్లు. నేనలా అనుకోను. ఇదివరకు రోజు గడవాలని వెళ్లేవాళ్లం, ఈసారి అవసరమై వెళ్లాం. ఆ అవసరం వీడియోలో బయటపడలేదు, ముందురోజు మేం చేసుకున్న రిహార్సల్‌లో బయటపడింది. ఫోన్ ఆన్ చేసి పట్టుకునే పని పిల్లలకి ఇవ్వండి. కానీ ఏం చూపించాలో, ఏం అడగాలో మాత్రం ఆ మనిషికి స్నానం చేయించి, అన్నం పెట్టే ఆడవాళ్లే తేల్చాలి. స్మార్ట్‌ఫోన్ లేకపోయినా ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రం సిబ్బంది ఈ-సంజీవనిలో డాక్టరుతో కలిపే ఏర్పాటు ఉంది. అక్కడికెళ్లినా ఈ సర్దుడు పని మనదే.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం లాంటివాటికి రిహార్సల్ లేదు, వీడియో లేదు. వెంటనే 108కి చేయాలి.

ఇప్పుడు నెలకోసారి మా రిహార్సల్ నడుస్తోంది. నేను ఏదీ అడగకముందే అమ్మ కుర్చీ వాకిలి వైపు తిప్పి, కాళ్లు పీట మీద పెట్టి కూర్చుంటోంది.