అంశం మారితే క్షమాపణ ఎందుకమ్మా?

మన తెలుగు శాఖల్లో ఒక వింత ఉంది. పరిశోధన మొదలుపెట్టకముందే దాని ఫలితం తెలిసిపోయి ఉండాలి. అంశం పేరు చూస్తే చాలు. ఫలానా వారి కథలు – దళిత చైతన్యం. ఫలానా మండలం జానపద గేయాలు – సమగ్ర పరిశీలన. చైతన్యం ఉందని ముందే తెలుసు, గేయాలు ఉన్నాయని ముందే తెలుసు. ఇక మిగిలింది ఐదు అధ్యాయాలు నింపడం. ఇలాంటి చోట పైలట్ స్టడీ అనేది పెళ్లిచూపులకు ముందే ముహూర్తం పెట్టేసుకుని వెళ్లడం లాంటిది. వెళ్లొచ్చిన పిల్ల "అక్కడ మనం అనుకున్నది లేదు సార్" అంటే నేరం పిల్లది.

నా దగ్గర డిగ్రీ చదివిన ఒక అమ్మాయి ఇప్పుడు రీసెర్చ్ స్కాలర్. యూనివర్సిటీ పేరు, ఆమె పేరు అనవసరం. మాల కుటుంబం, టెక్కలి వైపు పిల్ల. అంశం: సంతబొమ్మాళి తీరంలో శ్రామిక గేయాలు. మూలపేట, విష్ణుచక్రం, నౌపడ వైపు తిరిగి పైలట్ చేసింది. తిరిగొచ్చి అంశం మార్చుకుంటానని గైడుకి ఉత్తరం రాసి, పంపే ముందు నాకు చూపించింది. ఒకటిన్నర పేజీ. "నా అసమర్థత వల్ల", "పెద్ద మనసుతో మన్నించి", "తమ పాదాలకు నమస్కరిస్తూ". గేయాల గురించి రెండు వాక్యాలు. మూలపేట గురించి ఒక్కటి.

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. ఆ భాష ఆమెకు నేర్పిన వాళ్ల మీద.

ఆ రాత్రి ఫోన్‌లో గంటన్నర మాట్లాడుకున్నాం. నేను అడిగింది ఒకటే: పైలట్‌లో నీకు ఎదురైన ఇబ్బంది ఏ రకం? ఇది తేల్చకుండా ఉత్తరం రాయకూడదు. ఎందుకంటే అన్ని ఇబ్బందులకూ అంశం మార్చక్కర్లేదు. నువ్వు అడిగిన తీరు బాగోకపోతే ప్రశ్నలు మార్చు. జనం నిన్ను నమ్మకపోతే వెళ్లే దారి మార్చు, లేదా ఊరు మార్చు. నువ్వు వెతుకుతున్న వస్తువే నువ్వు అనుకున్న రూపంలో లేకపోతే, అప్పుడు మాత్రమే అంశం మార్చు. మొదటి రెండూ కావని చూపించగలిగితే మూడోదాన్ని ఎవరూ కాదనలేరు.

చూపించగలిగింది. మొదటి విడత ఫోన్ రికార్డరు పట్టుకుని వెళ్తే ఎవరూ నోరు విప్పలేదు. విప్పరు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో కాల్పులు జరిగింది ఇదే మండలంలో. థర్మల్ ప్లాంట్ వద్దన్నందుకు మనుషులు పోయారు. పక్కన ఉద్దానంలో కిడ్నీ జబ్బు పేరుతో ఏళ్ల తరబడి రక్తం, మూత్రం ఇస్తూనే ఉన్నారు, కారణం ఇదీ అని తేల్చి చెప్పినవాడు లేడు. దానిమీద పోర్టు. కాగితం, పెన్నుతో ఎవరొచ్చినా "ఏ ఆఫీసు నుంచమ్మా?" అనే అడుగుతారు. రెండో విడత ఆమె రికార్డరు తీసేసింది. వాళ్ల పిన్ని ఒకావిడను వెంటబెట్టుకుని, కూలికి వెళ్లొచ్చాక సాయంత్రాలు కూర్చుంది. అప్పుడు మాట్లాడారు. పాటలు కూడా పాడారు, నాలుగైదు. కానీ పాడినవాళ్లే చెప్పారు: అది ఊడుపు పాట, ఊడుపు లేకుండా పాడితే సగమే వస్తుంది. ఒకావిడ మధ్యలో ఆపేసి, లోపలికెళ్లి ప్లాస్టిక్ కవరు తెచ్చిందట. "పాటలు కాదమ్మా, ఇది చదువు."

కవరులో అర్జీల జిరాక్సులున్నాయి.

ఆ తర్వాత ఇంటింటా అదే కవరు. ఆమె మొత్తం పదిహేడు అర్జీలు చదివింది. ఇంత దొరికిన పిల్ల "నా అసమర్థత" అని రాస్తుంది! మళ్లీ రాయమన్నాను. రెండోసారి రాసింది కింద ఇస్తున్నాను, ఆమె అనుమతితో, గుర్తుపట్టే వివరాలు తీసేసి.

"గౌరవనీయులైన గురువుగారికి నమస్కారం.

నా పరిశోధనాంశాన్ని మార్చుకునేందుకు మీ సిఫారసు కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. రెండు విడతల పైలట్‌లో పద్నాలుగు మందితో మాట్లాడాను. మొదటి విడతలో ఎవరూ సహకరించలేదు. పద్ధతి మార్చాక సహకరించారు. కాబట్టి ఇది అందుబాటు సమస్య కాదు. గేయాలు జ్ఞాపకంలో ఉన్నాయి, అవి పుట్టిన పని చాలామందికి పోయింది. వాటిని ఇప్పుడు సేకరిస్తే నా ముందు, నా కోసం పాడినవే దొరుకుతాయి. శ్రమలో గేయం ఎలా పనిచేస్తుందన్న నా ప్రశ్నకు అవి జవాబు చెప్పవు.

అదే మనుషులు అదే పని గురించి అర్జీల్లో రాయించారు. అర్జీ నమూనాలో సర్వే నంబరు అడుగుతారు. భూమిలేని కూలీకి సర్వే నంబరు ఉండదు. ఆ ఖాళీలో వాళ్లు రాయించింది నన్ను ఆపేసింది. ఏ సరుగుడు తోట పక్కన ఊడ్చారో, ఏ ఉప్పు మడిలో పనిచేశారో, ఏ గట్టు మీద నడిచి వెళ్లారో. నేను విన్న పాటల్లో కూడా స్థలాలకు ఇవే గుర్తులు. పాటలో ఉన్న భూగోళం అర్జీలోకి వచ్చి చేరింది.

కాలం కూడా అంతే. తారీఖుల బదులు 'తిత్లీ తుపానుకు ముందు నుంచి' అని ఉంది. రాసే గుమస్తా గ్రాంథికంతో మొదలుపెడతాడు, మూడో వాక్యానికి 'మేము' పోయి 'మావు' వస్తుంది, 'లేదు' పోయి 'నేదు' వస్తుంది. ఎవరి గొంతు ఎక్కడ మొదలవుతుందో గుర్తించడం నా కొత్త ప్రశ్న.

కొత్త అంశం: 'సంతబొమ్మాళి తీరంలో భూమిలేనివారి అర్జీలు: భాష, కథనం, స్థలం.' ప్రాంతం మారదు. శ్రామిక గేయాల మీద రాసిన పూర్వ పరిశోధనల సమీక్ష మొదటి అధ్యాయంగా నిలుస్తుంది. ప్రస్తుత రిజిస్ట్రేషన్ కిందనే మార్పుకు అనుమతి కోరుతున్నాను. నమోదై పద్నాలుగు నెలలైంది, సేకరణకు మరో ఎనిమిది నెలలు చాలు.

పరిమితులు ఇవి. పదిహేడు అర్జీలతో ఏదీ తేల్చలేను. అర్జీ రాయించనివాళ్లు ఇందులో కనపడరు. చాలా అర్జీలు ఇంకా పెండింగులో ఉన్నాయి, కాబట్టి పేర్లు, ఇంటి నంబర్లు తీసేసిన ప్రతులే వాడతాను.

మీ విద్యార్థిని."

గైడు వెంటనే అన్నమాట, ఆమె నాకు చెప్పింది: "ఇది రెవెన్యూ వాళ్ల పనమ్మా, సాహిత్యం కాదు."

సరే, మాట్లాడుకుందాం. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' 1964 నాటిది. ఎంఏలో మనమంతా చదివాం, పరీక్షల్లో రాశాం. ఆ కథ నడుం ఏమిటి? ఒక అప్పు మీద పంచాయితీ. గోపన్నకు అప్పల్రాముడు బాకీ ఉన్నాడా లేదా, ఉంటే ఎలా తీరాలి అన్న వాదన. ఒక మనిషి పెద్దల ముందు నిలబడి తన బతుకు లెక్క అప్పజెప్పడం. అది కథకుడు రాస్తే మహాకథ, అప్పల్రాముడు మనవరాలు గుమస్తా చేత రాయిస్తే రెవెన్యూ కాగితమా? అర్జీలన్నీ యజ్ఞం అంత గొప్పవని నేననను. చాలావాటిలో గుమస్తా మూస తప్ప ఏమీ ఉండదు, అది ఆ అమ్మాయికీ తెలుసు. కానీ జానపద గేయాలు మాత్రం అన్నీ గొప్పవా? 1950ల్లో బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయాల మీద డాక్టరేట్ చేసినప్పుడు, పొలంలో పాడేది సాహిత్యమా అని పెదవి విరిచినవాళ్లు ఉండే ఉంటారు. ఇప్పుడు వాళ్ల వారసులు అదే గేయాన్ని గుడిలో పెట్టి, పాడే మనిషి ఇంకో కాగితం చేతికిస్తే చదవనంటున్నారు. చచ్చిపోతున్న పాట కావాలి, బతికున్న మనిషి అర్జీ వద్దు. దళితుల విషయంలో ఈ శాఖలకు ఉన్న అభిరుచి మొత్తం ఇదే.

ఇంకొకటి. ఆ తుపాను మాట చూడండి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. పోర్టుకు శంకుస్థాపన 2023 ఏప్రిల్ 19న. 2013 భూసేకరణ చట్టం మూడో సెక్షన్ ప్రకారం భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పనిచేసి దానిమీదే ప్రధానంగా బతికిన వ్యవసాయ కూలీ కుటుంబం, కౌలు కుటుంబం కూడా ప్రభావిత కుటుంబమే. మత్స్యకారులూ అంతే. కూలీకి హాజరు పట్టీ ఉండదు. మూడేళ్లు ఎలా రుజువు చేస్తుంది? ఊరంతటికీ, అధికారికీ తెలిసిన తుపానును సాక్ష్యంగా పిలుస్తుంది. అది కథనంలో కాలాన్ని కట్టే పద్ధతి. చట్టం తెలియనివాళ్లు దాన్ని చదివితే యాస అనుకుంటారు, సాహిత్యం తెలియనివాళ్లు చదివితే తారీఖు లేదని పక్కన పడేస్తారు. రెండూ తెలిసిన మనిషి చదవాలి. ఆ మనిషి ఈ అమ్మాయే.

ఇక "అంశం మధ్యలో మార్చడమేమిటి" అనే గౌరవ సభ్యుల సంగతి. 2022 యూజీసీ నిబంధనలు చదివారా? పరిశోధన ప్రతిపాదనను సమీక్షించి అంశాన్ని ఖరారు చేయడం సలహా కమిటీ పని. ప్రతి సెమిస్టరూ స్కాలరు ఆ కమిటీ ముందు కూర్చుని పని చూపించాలి. చూసి చెప్పడానికే కదా కమిటీ, టీ బిస్కెట్లకా? అయినా మార్చుకోవడం అంత తప్పయితే పోర్టునే అడగండి. మొదట భావనపాడు పోర్టు అన్నారు. తర్వాత మూలపేట, విష్ణుచక్రం వైపు జరిపారు, పేరు కూడా మూలపేట పోర్టు చేశారు. వేల కోట్ల ప్రాజెక్టు స్థలమూ పేరూ మార్చుకుంటే సవరణ. మన పిల్ల మార్చుకుంటే చంచల స్వభావం.

ఆ ఉత్తరంలో నేను పట్టుబట్టి పెట్టించిన వాక్యం ఒకటుంది: ప్రస్తుత రిజిస్ట్రేషన్ కిందనే. విద్యార్థులు ఇది గుర్తుపెట్టుకోండి. "అంశం మారితే కొత్తగా చేరు" అని కొన్నిచోట్ల నోటిమాటగా చెబుతారు. డాక్టరేట్ మామూలు గడువు ఆరేళ్లు. ఎస్సీ స్కాలర్ల నేషనల్ ఫెలోషిప్ గరిష్టంగా ఐదేళ్లు. పద్నాలుగు నెలలు గాలికి పోతే చివర్లో డబ్బు లేకుండా థీసిస్ రాసేది ఎవరు? ఇంట్లో పొలం ఉన్నవాడికి అది ఆలస్యం, మనకు చదువు ఆగిపోవడం. అందుకే నోటిమాట చెబితే ఆ నిబంధన రాతపూర్వకంగా చూపించమని అడగమన్నాను. మీ యూనివర్సిటీ ఆర్డినెన్సు తెచ్చుకుని, పేరు సవరణకు ఏ దారి, అంశం మార్పుకు ఏ దారి అని ముందే చదువుకోండి. రెండూ ఒకటి కావు. పేరులో మాట మారితే సవరణ. ప్రశ్న, సామగ్రి మారితే మార్పు. భయంతో మార్పును సవరణ అని రాస్తే, సినాప్సిస్ రోజున ఎవరో ఒకరు పట్టుకుంటారు.

మనలో విద్యార్థి ఉత్తరం అనగానే అందరికీ 2016 జనవరి 17 గుర్తొస్తుంది. నాకూ వస్తుంది. అందుకే ఈ చిన్న ఉత్తరాల మీద ఇంత పట్టుదల. ఇవి సమయానికి, నిటారుగా, నకలు ఉంచుకుని రాయాలి. ఆమె ఈ ఉత్తరం గైడుకి ఇచ్చి, నకలు మీద అందినట్టు తారీఖుతో సంతకం తీసుకుంది. గైడు సంతకం పెట్టాడు, అంతవరకు మంచివాడే.

కమిటీ ఈ నెలాఖరుకి ఉంది. నిన్న ఫోన్ చేసి, అర్జీల జిరాక్సులు హాస్టల్లో పెట్టుకోవచ్చా సార్ అని అడిగింది. వద్దన్నాను. ఎవరివి వాళ్లకు ఇచ్చెయ్, పేర్లు తీసేసిన ప్రతి మాత్రమే నీ దగ్గర ఉంచుకో, ఏ ప్రతి ఎవరిదో చెప్పే పట్టిక వేరే చోట పెట్టు అన్నాను. ఆదివారం బస్సుకి మూలపేట వెళ్తోంది.