రోడ్డు వేసిన్రంట

మెదక్ పక్కనున్న కొల్చారం పేరు వినగానే సంస్కృతం చదివినవాళ్లకు మల్లినాథసూరి గుర్తుకొస్తాడు. ఆయన ఇంటిపేరు కోలాచలం ఈ ఊరిదే. కాళిదాసు, భారవి, మాఘుడు, శ్రీహర్షుడు రాసిన కావ్యాలను ఇవాళ్టికీ దేశమంతా ఆయన వ్యాఖ్య పక్కన పెట్టుకునే చదువుతుంది. మాఘుడి శిశుపాలవధకు ఆయన రాసిన వ్యాఖ్య పేరు సర్వంకష. అందులో 16వ సర్గ దగ్గరికి వచ్చేసరికి ఆయన పని రెట్టింపవుతుంది.

రాజసూయంలో తొలిపూజ కృష్ణుడికి దక్కిందని శిశుపాలుడు నానా మాటలూ అని సభలోంచి లేచిపోతాడు. తర్వాత ఒక దూతను పంపుతాడు. ఆ దూత మాటలు క్షమాపణలాగే ఉంటాయి. మా ప్రభువు ‘అనుశయం’తో ఉన్నాడు, స్వయంగా వచ్చి మీకు మర్యాద చేయాలనుకుంటున్నాడు అంటాడు. అనుశయమంటే పశ్చాత్తాపం, అనుశయమంటే పాతుకుపోయిన పగ కూడా. మర్యాదకు వాడిన మాటలోనూ పూజ ఉంది, చంపడమూ ఉంది. మల్లినాథుడు ఒక్కో శ్లోకానికీ ఒకసారి రాజీగా, ఒకసారి కయ్యంగా అర్థం చెప్పుకుంటూ పోతాడు. సభలో ఉన్న సాత్యకి ఇది కనిపెట్టి, పైకి తీపి, లోపల విషం అని మండిపడతాడు. దూత తొణకడు. రెండూ ఒకేసారి చెప్పిన, మీ బుద్ధితో విడదీసుకొని మీ గుణానికి తగ్గట్టు చేసుకోండి అంటాడు. తగాదా వచ్చినప్పుడు ‘నేనట్ల అనలేదు’ అని తప్పుకోవడానికి ఇంతకన్నా మర్యాదైన దారి నేను చదవలేదు.

అయితే దూతది శ్లేష. శ్లేషకు నిఘంటువు సాక్ష్యం చెబుతుంది. వెటకారానికి ఆ ఆసరా లేదు. అపకారం చేసినవాడితో ‘ఎంత మేలు చేసినవయ్యా, నూరేళ్లు బతుకు’ అంటే, ఏ నిఘంటువు తిరగేసినా మేలు మేలే, నూరేళ్లు నూరేళ్లే. ఇలాంటి మాటను 11వ శతాబ్దపు కశ్మీరు ఆలంకారికుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో ఉదాహరణగా చర్చించాడు. ఆ మనిషి అపకారం చేశాడని తెలియని పాఠకుడు దాన్ని ఆశీర్వాదమని చదివితే అతని చదువులో తప్పు పట్టలేం. అతనికి అందాల్సిన విషయం అందలేదు, అంతే.

ఆ అందాల్సినవేమిటో మమ్మటుడే వరసగా చెప్పాడు: ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఏ గొంతుతో అన్నారు, వాక్యం ఎలా ఉంది, దాని అర్థమేమిటి, పక్కన ఇంకెవరున్నారు, ఏ సందర్భం, ఏ చోటు, ఏ కాలం. గొంతుకు శాస్త్రంలో పేరు ‘కాకువు’. గొంతు విరుపుతోనే మారిపోయే అర్థానికి ఆయన ఎత్తుకున్నది వేణీసంహారంలో భీముడి మాట. ధర్మరాజు ఐదూళ్లకు రాజీపడబోతున్నాడని తెలిసి, సహదేవుడి ముందు భీముడు ఊగిపోతూ, కోపంతో కౌరవులు నూర్గురినీ నేను మట్టుపెట్టను అంటాడు. కాగితం మీద ఉన్నది అదే, ‘మట్టుపెట్టను’ అనే. తాటాకు మీద ప్రశ్నార్థకం గీసే అలవాటు లేదు. నటుడు నోరు తెరిస్తేనే అది ‘మట్టుపెట్టకుండా ఉంటానా’ అవుతుంది.

మరి నటుడు లేకుండా చదువుకునేవాడి గతి? అక్కడ భట్టనారాయణుడు ఒక పని చేశాడు. ఆ శ్లోకం చివర భీముడు సంధి చేసుకుంటే చేసుకోనీ ‘మీ రాజు’ అంటాడు. ధర్మరాజు తనకూ అన్నే, తనకూ రాజే. తమ్ముడితో మాట్లాడుతూ అన్నను ‘మీ రాజు’ అన్నాడంటే తాను ఆ రాజీలో లేనని చెప్పకుండా చెప్పినట్టు. పోయిన గొంతును కవి ఆ ఒక్క మాటలో దాచిపెట్టాడు. కాకువును అలంకారమనడానికి రాజశేఖరుడు ఒప్పుకోలేదు, అది చదివేవాడి పఠనధర్మం అన్నాడు. ఆయన మాట సరైనదే గానీ, గొంతు అందని చోట కవి ఏం చేయగలడో భీముడి శ్లోకం చూపిస్తుంది.

మన తెలుగులో ఆ పనికి ‘అంట’ ఉంది. ‘మా ఊరికి కొత్త రోడ్డు వేసిన్రంట’ అనే వాక్యం చూడండి. హైదరాబాద్‌లో ఉండే మనిషి రాస్తే అది కబురు. ఎవరో చెప్పగా విన్నాడు, మనకు చెప్పాడు. అదే వాక్యం ఆ ఊళ్లోనే ఉంటూ రోజూ ఆ గుంతల్లోనే బండి నడిపే మనిషి రాస్తే చురక. తన కళ్లముందున్నదాన్ని విన్నట్టుగా చెబుతున్నాడంటే, వేశామన్న మాటను తాను నమ్మడం లేదని అర్థం. వాక్యంలో ఒక్క అక్షరం తేడా లేదు. రాసిన మనిషి ఎక్కడుంటాడో తెలిసిన పాఠకుడు నవ్వుతాడు, తెలియని పాఠకుడు సంతోషపడతాడు. ఇద్దరూ కొట్లాడుకుంటే ఒకరు తెలివైనవారు, ఒకరు మొద్దు అనుకుంటాం. వాళ్ల మధ్య ఉన్న తేడా ఒక చిరునామా.

గొంతు పోతే ఎంత పోతుందో 2005లో అమెరికాలో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం లెక్కగట్టింది. కొన్ని మాటలు వెటకారంగా, కొన్ని నిజంగా పంపమన్నారు. కొందరు ఈమెయిల్‌లో రాశారు, కొందరు గొంతుతో చెప్పారు. నూటికి 78 సార్లు అవతలివాళ్లు సరిగ్గా పట్టుకుంటారని పంపినవాళ్లు అంచనా వేశారు. గొంతు విన్నవాళ్లు 73 సార్లు పట్టుకున్నారు. చదివినవాళ్లు 56 సార్లే, అంటే బొమ్మాబొరుసూ వేసుకున్నదానికి కాస్త పైన. నన్ను ఆపింది 56 కాదు, 78. రాసేవాడికి రాస్తున్నప్పుడు తన గొంతు తనకు వినిపిస్తూనే ఉంటుంది. ఆ గొంతు కాగితం మీదికి దిగలేదని అతనికి తోచదు. రాసినదాన్ని తాను అనుకున్నదానికి ఎదురు గొంతుతో ఒకసారి పైకి చదివిస్తే ఆ ధీమా తగ్గిందని కూడా వాళ్లు చూశారు. ఇది ఎవరైనా ఇంట్లో చేసి చూసుకోవచ్చు. ఎదురు గొంతులోనూ వాక్యం హాయిగా నిలబడిందంటే, సగం మంది దాన్ని అలాగే చదువుతారు.

ఈ పరీక్ష మా పత్రికకు ఎక్కువగా పనికొచ్చేది సమీక్షల దగ్గర. ‘ఈ కవి ఇంకా చాలా పుస్తకాలు రాయాలి’ అని ఒక వాక్యం వచ్చిందనుకోండి. ప్రేమగా చదివితే దీవెన. పెదవి విరిచి చదివితే, ఇంకా కవి కాలేదని తీర్పు. ముందు వాక్యం ‘తొలి సంపుటికే ఇంత పట్టు అరుదు’ అని ఉంటే గొడవ లేదు. చోటు చాలక ఆ ముందు వాక్యాన్ని కోసేస్తే మాత్రం, మమ్మటుడు చెప్పిన వరసలో ఒక ఆధారాన్ని సంపాదకుడే తీసి పారేసినట్టు. ఆశ్చర్యార్థకం పెట్టినా లాభం లేదు, దీవెనకూ అదే గుర్తు, వెక్కిరింతకూ అదే గుర్తు. నవ్వు బొమ్మ ఇంకా అన్యాయం. కొందరికి అది స్నేహం, కొందరికి ఎగతాళి మీద ఎగతాళి.

అందుకే ఇకనుంచి సమీక్షల్లో కోత పడితే అలాంటి వాక్యానికి ముందూ వెనకా ఉన్నవాటిని ఉంచి, వేరేచోట కోస్తాం. అప్పటికీ తేలకపోతే రాసినవారికి ఫోన్ చేసి ఏ అర్థమని అడుగుతాం. ‘ఎట్ల చదువుకుంటే అట్ల’ అనే జవాబు రావచ్చు. దూత కృష్ణుడి సభలో ఆ మాట అన్నప్పుడు ఎదురుగా సాత్యకి ఉన్నాడు, అక్కడికక్కడే బదులిచ్చాడు. సమీక్షలో ఉన్న కవికి ఆ వీలు వచ్చే నెల సంచికదాకా ఉండదు కాబట్టి, ఆ జవాబిచ్చినవారి వాక్యాన్ని తిప్పి పంపి, రెండింటిలో ఒకటి రాయమంటాం. తిట్టు రాసినా వేస్తాం.