ఓపీ చీటీలో రాయించాల్సిన మాట

పై అధికారి నెలల తరబడి నలుగురిలో చులకన చేస్తుంటే ముందు చెడేది నిద్ర. కానీ డాక్టర్ దగ్గర మనం ‘నిద్ర పట్టట్లేదండీ’ అని ఊరుకుంటాం, చీటీలో మాత్ర పేరొక్కటే మిగులుతుంది. ఆఫీసులో జరుగుతున్నదీ చెప్పి, దాన్ని రాయమని అడగాలి. వేధింపు జరిగిందని డాక్టర్ ధ్రువీకరించలేరు, ఆయన చూడలేదు కదా. మనం ఫలానా తేదీన ఏం చెప్పుకున్నామో, బీపీ ఎంతుందో రాయగలరు. ఫిర్యాదుకు అదే బలం. ఇంట్లో రాసుకునే డైరీ కూడా అలాగే ఉండాలి. ‘చాలా బాధగా ఉంది’ అంటే విచారణలో నిలవదు. ‘సోమవారం 11 గంటలకు మీటింగులో నీ జీతం దండగ అన్నారు, ఇద్దరు సహోద్యోగులు విన్నారు, మధ్యాహ్నం అన్నం సయించలేదు, రాత్రి 2 దాకా మెలకువే’ అని ఆరోజే రాయాలి. ఆదివారం హాయిగా నిద్రపడితే అదీ రాయండి, దాచొద్దు. సెలవు రోజుకీ పనిరోజుకీ తేడా అక్కడే తెలుస్తుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం వద్దు, రేపు అది మన చేతిలో ఉండకపోవచ్చు. మెడికల్ లీవుకు జబ్బు, విశ్రాంతి ఎన్నాళ్ళో చెప్పే సర్టిఫికెట్ ఇస్తే సాధారణంగా సరిపోతుంది. ఈ కథంతా హెచ్ఆర్‌కు ఇవ్వక్కర్లేదు. కేస్ షీటు నకలు అడగడానికి మొహమాటం ఎందుకు? అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనపై 2002 నాటి నిబంధనలే చెబుతున్నాయి.