పచ్చ పెట్టె వద్దు, పాత పరుపు ఏకించండి

పర్యావరణం పట్టింపు ఉన్న స్నేహితులకు బహుమతి ఇవ్వాల్సి వస్తే మనం ఏం చేస్తాం? ఆకు బొమ్మ, పచ్చ రంగు, "ఎకో" అనే మాట ఉన్న పెట్టె ఒకటి ఆర్డర్ పెడతాం. నేనూ అదే చేశాను. తుళ్లూరులో చెల్లెలి వరసయ్యే ఒక స్నేహితురాలి గృహప్రవేశం. ఆమె టీచరు. పెళ్లికి వెళ్లినా స్టీలు గ్లాసు సంచిలో వేసుకుని వెళ్లే మనిషి. అలాంటి మనిషికి తగిన బహుమతి అనుకుని ఒక "గ్రీన్ గిఫ్ట్ బాక్స్" తెప్పించి పట్టుకెళ్లాను.

ఆమె పెట్టె విప్పి, వంటింట్లో త్రాసు తెచ్చి, ఒక్కొక్కటీ తూచింది. మొత్తం 1,240 గ్రాములు. అందులో గుడ్డ సంచి 120, రెండు వెదురు బ్రష్షులు 30, తేనె 250. అంటే వాడుకునే సరుకు 400 గ్రాములు. మిగిలిన 840 గ్రాములూ బయట అట్టపెట్టె, లోపల ఇంకో అందమైన అట్టపెట్టె, కత్తిరించిన కాగితం పీచు, గాజు సీసా, పైన తొడిగిన కవర్లు.

"ఏందన్నా, పెట్టె కొనుక్కొచ్చావా, సరుకు కొనుక్కొచ్చావా?" అంది నవ్వుతూ.

నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు మీక్కూడా పంచాలనే ఇది రాస్తున్నా. ఆ పెట్టె మీద మూడు మాటలు అచ్చేసి ఉన్నాయి. ఒక్కొక్కటీ నిజమో కాదో మనమే ఎలా తేల్చుకోవచ్చో చూద్దాం.

మొదటిది, "100 శాతం ఆర్గానిక్ కాటన్ సంచి". పత్తి గురించి మన గుంటూరు నల్లరేగడి వాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక దేశంలో పత్తి సాగు దాదాపు అంతా ఆ విత్తనమే అయింది. ఆర్గానిక్ ప్రమాణాల్లో బీటీ విత్తనానికి చోటు లేదు. పురుగుమందు ఒక ఏడాది ఆపేస్తే చేను ఆర్గానిక్ అయిపోదు. పత్తి లాంటి ఏడాది పంటకు, విత్తనం వేసే ముందు కనీసం రెండేళ్లు ఆ నేలను మార్పిడి కాలంలో ఉంచాలి. అంత కష్టపడి పండించిన పత్తి ఉందా అంటే ఉంది, కానీ తక్కువ. అందుకే దానికి కాగితం ఉంటుంది. బట్టకైతే గాట్స్ ముద్ర, దాని కింద తనిఖీ చేసిన సంస్థ పేరు, లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరు గాట్స్ వాళ్ల వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే అది ఎవరిదో తెలుస్తుంది. నా సంచి మీద నంబరూ లేదు, సంస్థ పేరూ లేదు. పత్తికాయ బొమ్మ మాత్రం ఉంది.

సరే, అది నిజంగా ఆర్గానిక్కే అనుకుందాం. అప్పుడైనా మంచి బహుమతి అవుతుందా? 2018లో డెన్మార్క్ పర్యావరణ సంస్థ సంచుల మీద ఒక లెక్క వేయించింది. మామూలు ప్లాస్టిక్ సంచితో పోలిస్తే, వాతావరణ మార్పు ఒక్కదాన్నే చూసినా, మామూలు పత్తి సంచిని కనీసం 52 సార్లు వాడాలి. ఆర్గానిక్ పత్తి సంచినైతే 149 సార్లు. ఆర్గానిక్‌కే ఎక్కువ ఎందుకంటే, ఎకరానికి దిగుబడి తక్కువ వస్తుందని లెక్కగట్టారు కాబట్టి, అంతే నూలుకు ఎక్కువ నేల, ఎక్కువ నీరు పడుతుంది. ఈ లెక్కకు ఒక హద్దుంది. చెత్త సంచులు మురుగు కాలవల్లో పడి అడ్డం పడటం, గేదెలు తినడం ఇందులో కలపలేదు. కాబట్టి ప్లాస్టిక్ మంచిదని దీని అర్థం కాదు. పత్తి సంచి మంచిదయ్యేది నేతలో కాదు, వాడకంలో అని మాత్రమే అర్థం. మా చెల్లెలి ఇంట్లో తలుపు వెనక మేకుకు అప్పటికే పదకొండు గుడ్డ సంచులు వేలాడుతున్నాయి, అన్నీ పెళ్లిళ్లలో, మీటింగుల్లో ఇచ్చినవే. నాది పన్నెండోది. అది 149 సార్లు సంతకు ఎప్పుడు వెళ్తుంది చెప్పండి?

రెండోది, సంచికి తొడిగిన కవరు మీద "బయోడిగ్రేడబుల్, భూమిలో కలిసిపోతుంది" అనే మాట. మన దేశంలో కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కు ఐఎస్ 17088 అనే ప్రమాణం ఉంది. తయారుచేసేవాళ్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి సర్టిఫికెట్ తీసుకోవాలి. అలాంటి క్యారీబ్యాగు మీద తయారీదారు పేరు, సర్టిఫికెట్ నంబరు అచ్చువేయాలి. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా ఉంది. ఆ పరీక్ష చేసేది 58 డిగ్రీల దగ్గర వేడిలో. పెద్ద కంపోస్టు ప్లాంట్లలో అంత వేడి ఉంటుంది. మన దొడ్లో పెంటకుప్ప లోపల కొన్నాళ్లు వేడెక్కినా, అంత వేడి అన్ని రోజులు నిలబడదు. కాబట్టి సర్టిఫికెట్ ఉన్న కవరు కూడా పెరట్లో పూడిస్తే కరుగుతుందని నమ్మకం లేదు. ఏ కవరు మీదైనా "కలిసిపోతుంది" అని ఉంటే రెండు ప్రశ్నలు వేయండి: ఎక్కడ? ఎన్నాళ్లలో? ఈ రెంటికీ జవాబు లేకపోతే అది మామూలు ప్లాస్టిక్ అనుకునే చెత్తలో వేరుచేయండి.

మూడోది, తేనె సీసా మీద "ఆదివాసీల చేతుల నుంచి స్వచ్ఛమైన అడవి తేనె". పక్కన తలకు ఈకలు పెట్టుకున్న బొమ్మ. ఈకల బొమ్మ ఏ గూడెం వాళ్లదో వేసినవాడికే తెలియాలి. అడవి తేనె అంటే మనకు గుర్తొచ్చేది నల్లమలలో తాడు కట్టుకుని కొండ అంచున దిగే చెంచులు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్య హక్కు సేకరించే వాళ్లకే ఇచ్చింది. తేనె అందులో ఒకటి. మరి సీసా మీద వాళ్ల బొమ్మ వేసుకున్నవాడు వాళ్ల దగ్గరే కొన్నాడా? ఏ ఊళ్లో? ఏ సంఘం ద్వారా? కిలోకు ఎంతిచ్చాడు? ఈ సీసా మీద ప్యాక్ చేసిన పట్నం చిరునామా తప్ప ఇంకేమీ లేదు. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో కొంటే ఎవరు కొన్నారో, ఎవర్ని అడగాలో కనీసం తెలుస్తుంది. ధర మీద అక్కడా పోట్లాడొచ్చు, కానీ పోట్లాడటానికి ఒక గుమ్మం ఉంటుంది. పేరులేని పెట్టెకు గుమ్మమే లేదు. పేదవాడి ముఖాన్ని అమ్ముకుని పేదవాడికి వాటా ఇవ్వకపోవడం కూడా పచ్చ అబద్ధమే.

ఇలాంటి మాటలకు కళ్లెం వేయడానికి 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ మార్గదర్శకాలు తెచ్చింది. "సహజం", "గ్రీన్", "ఎకో ఫ్రెండ్లీ" అని ఊరికే రాయకూడదు, వివరం ఇవ్వాలి, రుజువు చూపాలి. ఆ మాట సరుకు మొత్తానికా, ఒక భాగానికా, ప్యాకింగుకు మాత్రమేనా అన్నది చెప్పాలి. నా పెట్టెలో వెదురు బ్రష్షు చూడండి. వెదురు కర్ర వరకే, కుచ్చు నైలాన్‌దే. పెట్టె మీద మాత్రం "పూర్తిగా సహజం". ఇలాంటిది కనబడితే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. పెట్టె, బిల్లు పారేయకుండా ఫొటో తీసి ఉంచుకోండి.

మరి ఏం ఇవ్వాలి? ఆ రోజు ఆ ఇంట్లోనే జవాబు కనబడింది. కొత్త ఇంట్లోకి ఫోమ్ పరుపు కొందామని వాళ్లాయన అంటున్నాడు. పాత దూది పరుపు గడ్డలు కట్టి వసారాలో పడి ఉంది. "కొత్తది కొనొద్దు, దీన్ని ఏకించే పని నాది, అదే నా బహుమతి" అన్నాను.

దూది ఏకేవాళ్లు మన పల్నాడు, గుంటూరు ఊళ్లలో తరాలుగా ఉన్నారు. ఒకప్పుడు వింటినారి మోగించేవాళ్లు, ఇప్పుడు మోటారు మిషను. పని ఎలా చేయించాలో చెప్తాను. ముందు ఎండాకాలం ఎంచుకోండి, వానల్లో దూది తేమ పట్టి సరిగా విడదు. కుట్లు విప్పి, దూది తీసి, మీ కళ్ల ముందే తూయించండి. మాది 14 కిలోలు. ఒక రోజు ఎండబెట్టి మిషనులో వేస్తే దుమ్ము, నలిగిన పీచు పోయి 12 కిలోలు మిగిలింది. ఆ తరుగు సహజం. తరుగుకు బదులు ఏం కలుపుతున్నారన్నదే చూసుకోవాలి. మిల్లు వేస్టు కలిపితే దూది మట్టి రంగులో, పొట్టి పీచుతో, గింజ నలకలతో ఉంటుంది, ఆర్నెల్లకే మళ్లీ గడ్డ కడుతుంది. గుప్పెడు తీసి రెండు చేతులతో లాగితే మంచి దూది సాగి సాగి విడుతుంది, వేస్టు పుటుక్కున తెగుతుంది. నేను దగ్గర్లోని జిన్నింగ్ మిల్లులో 2 కిలోల దూది తెచ్చి ఇచ్చాను. దాదాపు ఆరు కిలోల గింజ పత్తి ఆడితే వచ్చే దూది అది. దిండ్లలో బూరుగు దూది ఉంటే మిషనులో వేయనీయకండి, ఆ పీచు పెళుసు, పొడైపోతుంది. ఎండబెట్టి చేత్తో విడదీస్తే చాలు. పైగుడ్డ దగ్గరగా నేసిన పరుపు గుడ్డే ఉండాలి. పల్చటి చేనేతైతే దూది బయటికి వస్తుంది. మంగళగిరి చేనేత ఇవ్వాలని ఉంటే తువ్వాలో, చీరో విడిగా ఇవ్వండి, పెట్టె లేకుండా మడతపెట్టి చేతిలో పెట్టండి.

ఆ దూది ఆర్గానిక్ కాదు. మందు కొట్టిన చేలోదే. మా చెల్లెలికి ఆ మాటే చెప్పాను. మంగళగిరి బట్టకైనా "చేతితో నేసింది" అన్నంత వరకే చెప్పండి. నూలు మిల్లుది, రంగు ఎక్కువగా రసాయనానిది. ఉన్నంత చెప్పడంలో చిన్నతనం లేదు. 12 కిలోల దూది చెత్తకుప్పకు వెళ్లకుండా ఆగింది, ఒక ఫోమ్ పరుపు కొనకుండా ఆగింది. నిజంగా జరిగింది ఇంతే, ఇంతకు మించి ఏ ఆకు బొమ్మా వేయక్కర్లేదు.

బహుమతి కొనేముందు స్నేహితుల ఇంటికి ఒకసారి వెళ్లి చూడండి. వాళ్లు ఎలాగూ కొనబోతున్నది ఏమిటి? ఇంట్లో ఉండీ పాడై మూలన పడింది ఏమిటి? ఆ రెంటిలో ఒకటి మీ చేతుల మీదుగా జరిగిపోతే అదే బహుమతి. నేనిచ్చిన పన్నెండో సంచి ఏమైందని అడుగుతారేమో. దానికున్న దారం విప్పి పరుపు మూలలు కుట్టించింది మా చెల్లెలు. గుడ్డ స్కూల్లో బల్లలు తుడవటానికి వెళ్లింది.