బోరు ముందా? సంఘం ముందా?

మన రాష్ట్రంలో డిగ్రీ చదువుతున్నారా? అయితే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ పేరుతో ఏదో ఒక ఊరికి ఫారాలు పట్టుకుని వెళ్లే ఉంటారు. ఇల్లిల్లూ తిరగడం, ఇచ్చిన మజ్జిగ తాగడం, జవాబులన్నీ ఎక్సెల్‌లో ఎక్కించడం, చివర్లో ఒక బార్ చార్ట్. ఆ చార్ట్ కింద రాసే ఒక్క వాక్యం దగ్గరే చాలామంది బోల్తా పడతారు.

ఒక టీమ్ ఓర్వకల్లు మండలానికి వెళ్లిందనుకుందాం. కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో రాళ్ల తోట దగ్గర ఆగి సెల్ఫీలు దిగే ఓర్వకల్లే. అయితే చదువుకునేవాళ్లకు ఆ ఊరు రాళ్ల కంటే పొదుపు సంఘాల వల్లే ఎక్కువ తెలియాలి. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో ఇక్కడ ఆడవాళ్లు గ్రూపులు కట్టారు, ఊరి సంఘాలు పెట్టుకున్నారు, ఆ పైన మండలానికంతా ఒక ఐక్య సంఘం చేసుకున్నారు. కాబట్టి మన టీమ్ ప్రశ్న కూడా సహజంగా ఇదే: సంఘంలో చేరితే ఆడపిల్లల చదువు ముందుకు పోతోందా?

లెక్క తేలిగ్గా ఉండడానికి అంకెలు నేనే ఊహించి ఇస్తున్నా, నిజం సర్వేవి కావు. సంఘంలో ఉన్న ఇళ్లు 100, లేని ఇళ్లు 100 తీసుకున్నారు. సంఘంలో ఉన్న 100 ఇళ్లలో 50 ఇళ్ల ఆడపిల్లలు డిగ్రీ దాకా వచ్చారు. లేనివాళ్లలో 30 ఇళ్లే. తేడా 20. టీమ్ వెంటనే రాసేసింది: ‘సంఘంలో చేరడం వల్ల ఆడపిల్లల చదువు పెరిగింది.’

ఆ ‘వల్ల’ ఎక్కడి నుంచి వచ్చింది? ఫారంలో అయితే లేదు.

ఇప్పుడు అదే ఫారంలో ఇంకో గడి చూడండి: ‘పొలంలో నీళ్లున్న బోరు ఉందా?’ సీమలో ఈ ప్రశ్న అడగని సర్వే ఉండదు. సంఘంలో ఉన్న 100లో 60 ఇళ్లకు బోరుంది, 40కి లేదు. సంఘంలో లేని 100లో 20 ఇళ్లకే ఉంది, 80కి లేదు. బోరున్న ఇళ్లను ఒక పక్క, లేనివాటిని ఇంకో పక్క పెట్టి మళ్లీ లెక్కేద్దాం. బోరున్న సంఘం ఇళ్లు 60, వాటిలో 42 చోట్ల డిగ్రీ. బోరున్న బయటి ఇళ్లు 20, వాటిలో 14. రెండూ 100కి 70 చొప్పునే. బోరు లేనివాళ్లను చూస్తే 40లో 8, 80లో 16. రెండూ 100కి 20. అంటే సంఘం తేడా మొత్తం మాయం!

ఎందుకిలా? నెలనెలా పొదుపు కట్టాలంటే చేతిలో నెలనెలా ఎంతోకొంత ఆడాలి. నీళ్లున్న ఇంట్లో ఆడుతుంది. ఆ ఇంట్లోనే ఆడపిల్ల బస్సు పాసుకీ, ఫీజుకీ డబ్బులుంటాయి. బోరు ఒక చేత్తో అమ్మను సంఘంలోకి, ఇంకో చేత్తో పిల్లను కాలేజీకి పంపింది. ఆ రెండూ పక్కపక్కన కనిపించేసరికి ఒకదాని వల్ల ఇంకొకటి జరిగిందనుకున్నాం. స్టాటిస్టిక్స్ సార్లు దీన్నే ‘కన్‌ఫౌండర్’ అంటారు.

చాలా క్లాసులు ఇక్కడితో ఆగిపోతాయి. ‘మూడో అంశాన్ని కంట్రోల్ చేయండి, నిజం బయటపడుతుంది’ అని చెప్పి గంట కొట్టేస్తారు. నాకు ఇక్కడే పేచీ.

అదే ఇంటికి మళ్లీ వెళ్లి, ‘అక్కా, ఈ బోరు ఎప్పుడు వేయించినారు?’ అని అడిగారనుకోండి. ‘గ్రూపులో లోను తీసుకుంటిమి కదప్పా, ఆ దుడ్లతోనే వేయిస్తిమి’ అని ఆమె చెబితే? ఇప్పుడు కథ తిరగబడింది. సంఘం లోనిచ్చింది, లోను బోరైంది, బోరు పంటైంది, పంట ఫీజైంది. బోరు ఇక్కడ బయటి నుంచి వచ్చిన మూడో అంశం కాదు, సంఘం చేసిన పని నడిచిన దారి. బోరు వారీగా విడగొట్టి ‘తేడా లేదు’ అని రాస్తే ఆ దారిని మనమే మూసేసి, అవతలికి ఎవరూ చేరలేదని చెప్పినట్టే.

గమ్మత్తేంటంటే రెండు కథల్లోనూ ఎక్సెల్ షీటు ఒక్కటే, అంకెలూ అవే. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ నొక్కినా ఏ కథ నిజమో చెప్పదు. బోరు ముందా, సంఘం ముందా అన్నది ఆ ఇంటామెకే తెలుసు. ఫారంలో ‘ఉందా, లేదా’ అని ఉంది తప్ప ‘ఎప్పుడు’ అని లేదు. సంవత్సరం అడిగినా పని సగమే అయినట్టు. బోరు తర్వాతే వచ్చినా, దాని డబ్బు సంఘం లోనుదా, కొడుకు బెంగుళూరు నుంచి పంపిందా అన్నది వేరే ప్రశ్న.

ఇంకో చోట కూడా జారిపడతారు. పది ఇళ్లు తిరగడం కష్టమని సంఘం మీటింగ్ రోజే వెళ్లి ఫారాలు నింపుకొస్తారు. పైన చెప్పిన 100 ఇళ్లలో 20 మంది కంతులు కట్టలేక ఎప్పుడో మానేశారనుకోండి, వాళ్లలో 2 ఇళ్లలోనే పిల్ల డిగ్రీకి వచ్చింది. మీటింగ్‌లో కనిపించే 80 ఇళ్లలో 48. అంటే 100కి 60! మానేసినవాళ్లను కలిపితే 50. మీటింగ్‌కు వెళ్లినందుకే సంఘానికి పది మార్కులు ఎక్కువ పడ్డాయి. ఇంటింటికీ తిరిగినా ఇదే తంటా ఉంది. కర్నూలు పడమటి మండలాల్లో సుగ్గికి పోయే కాలంలో వెళ్తే, బాగా పేదవాళ్ల ఇళ్లకే తాళాలుంటాయి. తాళం ఉన్న ఇల్లు వదిలేసి పక్కింటికి వెళ్లిన ప్రతిసారీ సర్వేలో ఊరు కొంచెం కలవారి ఊరైపోతుంది.

అన్నట్టు, 20 ప్రశ్నల ఫారంలో జతలు 190. ప్రతి జతకూ పరీక్ష పెట్టి ‘పీ వాల్యూ 0.05 కంటే తక్కువ’ అని ఏరితే, అసలు ఏ సంబంధమూ లేకపోయినా తొమ్మిదో పదో జతలు ఊరికే దొరుకుతాయి. రిపోర్టుల్లో సాధారణంగా ఆ పదే ఉంటాయి, మిగతా 180 ఉండవు.

మరి ‘వల్ల’ అని ఎప్పుడు రాయొచ్చు? హైదరాబాద్‌లోనే ఒక ప్రయత్నం జరిగింది. తర్వాత నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ఇంకో ఇద్దరు పరిశోధకులతో కలిసి, స్పందన అనే సూక్ష్మ రుణ సంస్థతో 104 బస్తీలు తీసుకున్నారు. వాటిలో 52 బస్తీలను లాటరీ వేసినట్టు ఎంచి, ముందు అక్కడే అప్పులివ్వమన్నారు. ఏ బస్తీకి అప్పు వస్తుందో లాటరీ నిర్ణయించింది కాబట్టి కలవారు ముందే చేరిపోయారన్న అనుమానం ఉండదు. అక్కడా వాళ్లు అప్పు తీసుకున్న ఇళ్లనూ తీసుకోని ఇళ్లనూ పోల్చలేదు, బస్తీకి బస్తీని పోల్చారు. ఎందుకంటే అప్పు వచ్చిన బస్తీలోనూ ఎవరు తీసుకోవాలో లాటరీ చెప్పదు, మళ్లీ మొదటి తంటాయే. 2015లో అచ్చయిన ఫలితం: చిన్న వ్యాపారాల్లో పెట్టుబడి కొంత పెరిగింది. తలసరి ఇంటి ఖర్చులో, పిల్లల చదువులో, ఆడవాళ్ల మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఇది చదివి ‘అయితే ఓర్వకల్లు సంఘాలూ దండగే’ అని రాసేస్తే అదీ తప్పే. కంపెనీ అప్పు వేరు, ఏళ్ల తరబడి ఆడవాళ్లే నడుపుకునే పొదుపు వేరు. నగరం బస్తీ వేరు, వాన కోసం చూసే చేను వేరు.

లాటరీ వేసే అధికారం మన టీమ్‌కు లేదు, బడ్జెట్ అసలే లేదు. ఫారం మాత్రం వాళ్ల చేతిలోనే ఉంది. బోరు గడి పక్కన మూడు గడులు గీయొచ్చు: ఏ సంవత్సరం వేశారు, ఎవరి డబ్బుతో వేశారు, సంఘంలో ఏ సంవత్సరం చేరారు. మీటింగ్ పుస్తకంలో పేరు కొట్టేసిన వాళ్ల ఇళ్లకూ ఓ పూట వెళ్లి రావచ్చు. తాళం వేసిన ఇల్లు కనిపిస్తే ‘తాళం’ అని రాసుకుని, వాళ్లు సుగ్గి నుంచి తిరిగొచ్చాక ఇంకోసారి తలుపు కొట్టొచ్చు.